ఆన్‌లైన్ ఎంబీఏ: అడ్మిషన్ నుంచి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దాకా నా అనుభవం

మొన్న సెప్టెంబరు 11న స్పీడ్ పోస్టులో నా ఎంబీఏ ఒరిజినల్ డిగ్రీ వచ్చింది. కవరు చించగానే ముందువైపు పేరు కూడా చూడకుండా వెనక్కి తిప్పాను. అక్కడ చిన్న అక్షరాల్లో కోర్సు నడిచిన విధానం ఆన్‌లైన్ అని, చేరిన తేదీ, పూర్తి చేసిన తేదీ, పరీక్షా కేంద్రం వివరాలు ఉన్నాయి. అవన్నీ ఉన్నాయని చూసుకున్నాకే ముందువైపు చదివాను. జులైలో నా ఉద్యోగం నిలబడింది మార్కుల మెమో వెనక ఉన్న ఇవే వివరాల వల్ల. ఉద్యోగం చేసుకుంటూ ఆన్‌లైన్‌లోనో డిస్టెన్స్‌లోనో చదవాలనుకునేవాళ్లకి పనికొస్తుందని మొదటి నుంచి రాస్తున్నాను.

నేను అనంతపురంలో బీకాం చేసి 2014లో బెంగళూరు వచ్చాను. కుందలహళ్లి దగ్గర ఉంటాం, ఒక బాబు. పని అకౌంట్స్ పేయబుల్‌లో, అంటే వెండర్ల బిల్లులు సరిచూసి పేమెంట్‌కి పంపడం. 2022 నవంబరులో మా టీమ్ లీడ్ పోస్టుకి ఇంటర్నల్ నోటీసు వచ్చింది, అర్హత పీజీ. ఎనిమిదేళ్లుగా అదే పని చేస్తున్నాను, కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పించేది కూడా నేనే, అయినా అప్లై బటన్ నొక్కితే అర్హత లేదని వచ్చేసింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను. మా ఆయన "సర్లే, చదివేయ్ మరి, బాబుని నేను చూసుకుంటా" అన్నాడు.

మర్నాడు ఒక వెబ్‌సైట్‌లో వివరాలు అడిగి ఫోన్ నంబర్ ఇచ్చాను. సాయంత్రానికి పదకొండు కాల్స్. అందులో ఒకబ్బాయి తెలుగులోనే మాట్లాడాడు, "అక్కా, మనది కడప" అన్నాడు, నాకు ప్రాణం లేచొచ్చినట్టు అయింది. వేరే రాష్ట్రంలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ, డిస్టెన్స్ ఎంబీఏ, రెండేళ్లకి 60,000, మారతహళ్లిలోనే స్టడీ సెంటర్, పరీక్షలు కూడా అక్కడే రాసుకోవచ్చు అన్నాడు. ముందు 5,000 కడితే సీటు ఆపుతాడట, మిగతాది వడ్డీ లేని ఈఎంఐ. "యూజీసీ సెప్టెంబరులోనే చెప్పింది కదక్కా, డిస్టెన్స్ అయినా రెగ్యులర్ అయినా ఒకటేనని" అని ఆ లెటర్ కూడా వాట్సాప్‌లో పంపాడు.

ఆ లెటర్ నిజమైనదే. 2022 సెప్టెంబరులో యూజీసీ అలా చెప్పింది. కానీ అది గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన డిగ్రీకి వర్తించే మాట. ఈ యూనివర్సిటీకి ఈ కోర్సుకి గుర్తింపు ఉందా అన్నది వేరే ప్రశ్న, దానికి ఆ లెటర్‌లో జవాబు లేదు. నాకు ఇది తోచలేదు. మా ఆఫీసులో ఆడిట్ చేసే ఒక సీనియర్ మేడమ్ చెప్పారు. "బిల్లు మీద కంపెనీ పేరు ఉంటే సరిపోతుందా, మనమిచ్చిన ఆర్డర్ తాలూకు పీఓ నంబర్ చూడవా? అలాగే యూనివర్సిటీ పేరు చూసి వదిలేయకు" అన్నారు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు కాబట్టి వెంటనే ఎక్కింది.

ఆ రాత్రే deb.ugc.ac.in తెరిచి కూర్చున్నాను. యూజీసీలో దూరవిద్యని చూసే బ్యూరో సైట్ అది. అక్కడ జాబితాలు విద్యా సంవత్సరం వారీగా, సెషన్ వారీగా ఉంటాయి, డిస్టెన్స్ వేరు, ఆన్‌లైన్ వేరు. నేను చూసుకున్నవి నాలుగు. యూనివర్సిటీ పేరు ఉందా, నేను చేరబోయే కోర్సు పేరు దాని కింద ఉందా, డిస్టెన్స్ జాబితాలో ఉందా ఆన్‌లైన్ జాబితాలో ఉందా, నేను చేరే సెషన్‌కి ఉందా. ఆ అబ్బాయి చెప్పిన యూనివర్సిటీ పేరు జాబితాలో ఉంది, ఒక్క క్షణం సంతోషపడ్డాను. కానీ దాని పేరు ఉన్నది ఆన్‌లైన్ జాబితాలో, అది కూడా రెండు డిగ్రీ కోర్సులకే. ఎంబీఏ లేదు. డిస్టెన్స్ జాబితాలో యూనివర్సిటీ పేరే లేదు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. డిస్టెన్స్ కోర్సులకి హద్దులుంటాయి. ఇగ్నో లాంటి కేంద్ర సంస్థకి దేశమంతా అనుమతి ఉంటుంది కానీ ఒక రాష్ట్రపు ప్రైవేటు యూనివర్సిటీ ఇంకో రాష్ట్రంలో స్టడీ సెంటర్ పెట్టి డిస్టెన్స్ కోర్సు నడపకూడదు, ఫ్రాంచైజీ ఇవ్వడం అసలు కుదరదు. ఆన్‌లైన్ కోర్సుకి ఈ హద్దు లేదు, ఎక్కడి నుంచైనా చేరొచ్చు. అంటే మారతహళ్లిలో ఆ సెంటర్ ఉండటమే తప్పు, నేనేమో ఇంటికి దగ్గర్లో ఉందని మురిసిపోయాను.

ఆ అబ్బాయికి ఫోన్ చేసి అడిగితే అప్రూవల్ లెటర్ పీడీఎఫ్ పంపాడు. మొదటి పేజీ మాత్రమే ఉంది, కోర్సుల పేర్లుండే పేజీ లేదు, లెటర్ మీద సంవత్సరం 2020-21. రెండో పేజీ పంపు తమ్ముడూ అన్నాను. "ప్రాసెస్‌లో ఉందక్కా, సెషన్ మొదలయ్యేలోపు వచ్చేస్తుంది" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. అతని మీద నాకిప్పుడు కోపం లేదు, టార్గెట్ కోసం పనిచేసే పిల్లాడు. కానీ ఆ రోజు 5,000 కట్టి ఉంటే మిగతాది కూడా కట్టేసేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. వడ్డీ లేని ఈఎంఐ అంటే ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర నా పేరు మీద లోనే. కోర్సు చెల్లకపోయినా లోన్ తీర్చాల్సిందే, కట్టకపోతే సిబిల్ స్కోరు పోతుంది.

డిసెంబరు 3న మా హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను. ఫలానా యూనివర్సిటీ, ఆన్‌లైన్ ఎంబీఏ, 2023 జనవరి-ఫిబ్రవరి సెషన్, యూజీసీ జాబితాలో ఉంది, దీన్ని పీజీ అర్హతగా తీసుకుంటారా అని. నోటితో అడిగితే "తీసుకుంటామండీ" అనేశారు కానీ మెయిల్‌కి జవాబు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. యూజీసీ గుర్తింపు ఉంటే ఇంటర్నల్ ప్రమోషన్లకి అభ్యంతరం లేదని వచ్చింది. ఆ మెయిల్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకున్నాను.

చేరిన యూనివర్సిటీ పేరు రాయను, ప్రచారంలా ఉంటుంది. సెమిస్టరుకి 37,500, నాలుగు సెమిస్టర్లకి 1,50,000. ఏ మధ్యవర్తీ లేకుండా యూనివర్సిటీ సైట్‌లోనే కట్టాను. అప్లికేషన్ జనవరి 9న పెట్టాను. మైగ్రేషన్ సర్టిఫికెట్ అడిగారు, బీకాం అయి తొమ్మిదేళ్లు, అసలు తీసుకోనే లేదు. నాన్న రెండుసార్లు నా బీకాం యూనివర్సిటీకి తిరిగితే పందొమ్మిది రోజులకి వచ్చింది. ఎన్‌రోల్‌మెంట్ నంబరు వచ్చేసరికి ఫిబ్రవరి 24.

ఇక చదువు. ఉద్యోగులకి అనుకూలం అని అందరూ రాస్తారు, క్లాసుల వరకు అది నిజమే. ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా లైవ్, కుదరకపోతే రికార్డింగ్. వారానికి ఎనిమిది తొమ్మిది గంటలు పెట్టగలిగితే నడుస్తుంది. నేను పొద్దున నాలుగున్నరకి లేచి ఆరున్నర దాకా చదివేదాన్ని, మిగతా సమయం నాది కాదు. కష్టమంతా క్యాలెండర్‌తో వచ్చింది. మా పనిలో ప్రతి నెలా ఒకటి నుంచి ఐదో తేదీ దాకా క్లోజింగ్, మార్చి-ఏప్రిల్ అయితే ఇయర్ ఎండ్, ఆ రోజుల్లో ఇంటికొచ్చి అన్నం తినే ఓపిక కూడా ఉండదు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం సెమిస్టర్ పరీక్షకి. అసైన్‌మెంట్లు రాత్రుళ్లు కూర్చుని ఎలాగోలా నెట్టుకొచ్చాను. పరీక్ష తేదీ మాత్రం మన చేతిలో ఉండదు. రెండో సెమిస్టర్లో క్వాంటిటేటివ్ మెథడ్స్ పరీక్ష సరిగ్గా జనవరి 3న పడింది, ముందురోజు రాత్రి పదకొండున్నర దాకా ఆఫీసు పనే. ఫెయిలయ్యాను. మళ్లీ రాయడానికి 1,500, ఇంకో ఆరు నెలలు ఆ పేపరు మోసుకు తిరగడం. చేరేముందే గత ఏడాది పరీక్షల టైమ్‌టేబుల్ అడిగి తీసుకుని మీ పనిలో బిజీ రోజులతో పోల్చి చూసుకోండి. నేను చేయనిది అదే.

పరీక్ష ఇంటి నుంచే, కెమెరా ముందు. ఇక్కడ ఎవరూ చెప్పని విషయం, ఆఫీసు ల్యాప్‌టాప్ పనికిరాదు. పరీక్షకి వాళ్లిచ్చే బ్రౌజర్ ఇన్‌స్టాల్ చేయాలి, కంపెనీ సిస్టమ్‌లో మనకి ఆ పర్మిషన్ ఉండదు. మాక్ టెస్ట్ రోజున, అంటే అసలు పరీక్షకి నాలుగు రోజుల ముందు, తెలిసింది. అప్పటికప్పుడు 24,000 పెట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాం. ఫీజుల లెక్కలో లేని ఖర్చు అది. గదిలో ఇంకెవరూ కనపడకూడదు, వేరే గొంతు వినపడకూడదు. మొదటి పరీక్షలో బాబు తలుపు బాదుతూ అమ్మా అని ఏడుస్తుంటే స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది, చేతులు వణికాయి. తర్వాత నుంచి పరీక్ష రోజున మా ఆయన వాణ్ణి తీసుకుని పొద్దున్నే బయటికి వెళ్లిపోయేవాడు. కరెంటు పోతే ఇంటర్నెట్ ఆగకుండా రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకున్నాం, 1,800. అది రెండుసార్లు కాపాడింది.

నాలుగో సెమిస్టర్ పరీక్షలు 2025 జనవరిలో అయ్యాయి, రిజల్ట్ మార్చి 18న, ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఏప్రిల్ 22న. మా ఆఫీసులో టీమ్ లీడ్ పోస్టు అప్పటికి ఎప్పుడో నిండిపోయింది, కొత్తది ఎప్పుడో తెలీదన్నారు. దాంతో బయట ప్రయత్నించాను.

మే నెలలో ఒక పెద్ద కంపెనీలో రెండు రౌండ్లు బాగా జరిగాయి. మూడో రౌండ్‌కి ముందు రిక్రూటర్ ఫోన్ చేసి, "మీ ఎంబీఏ ఫుల్ టైమా?" అని అడిగింది. ఆన్‌లైన్ అన్నాను. మా పాలసీలో ఫుల్ టైమ్ మాత్రమేనండీ, సారీ అంది. యూజీసీ నోటీసు గురించి చెప్పాను, మర్యాదగా విన్నది, ఏమీ మారలేదు. రెండు రోజులు మనసు బాగాలేదు. డిగ్రీ చెల్లుతుందని యూజీసీ చెప్పడం వేరు, ఒక ప్రైవేటు కంపెనీ తనకి ఎవరు కావాలో పెట్టుకునే షరతు వేరు. రెండోదాన్ని మార్చే శక్తి ఆ నోటీసుకి లేదు. అందుకే తర్వాత ప్రతి కంపెనీనీ మొదటి కాల్‌లోనే అడిగేశాను. ఐదుగురిలో ఇద్దరు వద్దన్నారు, ముగ్గురు పర్వాలేదన్నారు.

ఆ ముగ్గురిలో ఒకరి దగ్గర నుంచి జూన్ 9న ఆఫర్ వచ్చింది, జీతం 32 శాతం ఎక్కువ. రిజైన్ చేశాను. జూన్ 13న వెరిఫికేషన్ ఏజెన్సీ నుంచి ఫారం వచ్చింది. చదువు వివరాల దగ్గర కోర్సు రకం ఎంచుకోమంటే ఫుల్ టైమ్, పార్ట్ టైమ్, కరెస్పాండెన్స్ అని మూడే ఉన్నాయి. ఆన్‌లైన్ అని లేదు. నాది కరెస్పాండెన్స్ కాదు, లైవ్ క్లాసులున్నాయి. పార్ట్ టైమ్ కూడా కాదు. రెగ్యులర్‌తో సమానమే కదా అనుకుని ఫుల్ టైమ్ పెట్టాను. నేను చేసిన పెద్ద పొరపాటు ఇదే.

జూన్ 27, శుక్రవారం సాయంత్రం కొత్త కంపెనీ హెచ్ఆర్ ఫోన్. రిపోర్టులో మీ చదువు యాంబర్‌లో ఉంది అన్నారు. ఆకుపచ్చ అంటే సరే, ఎరుపు అంటే తప్పు, యాంబర్ అంటే పొంతన కుదరలేదని. ఎందుకంటే 2023 నుంచి 2025 దాకా బెంగళూరులో ఫుల్ టైమ్ ఉద్యోగం చేశానని పీఎఫ్ రికార్డు చెబుతోంది, అదే రెండేళ్లు వేరే రాష్ట్రంలో ఫుల్ టైమ్ ఎంబీఏ చేశానని నా ఫారం చెబుతోంది. రెండూ నిజం కాలేవు. చూసేవాళ్లకి ఒకటి దొంగ సర్టిఫికెట్ అనే అనిపిస్తుంది. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. పాత ఉద్యోగానికి రిజైన్ చేసి ఉన్నాను, ఇంటి అద్దె, బాబు స్కూల్ ఫీజు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

శని, ఆదివారాలు నిద్రలేదు. ఆదివారం రాత్రి ఫైలంతా మంచం మీద పరిచి చూస్తుంటే ఒక మార్కుల మెమో బోర్లా పడి ఉంది. వెనక ఏదో రాసి ఉందని అప్పుడు చూశాను. కోర్సు ఆన్‌లైన్ విధానంలో అని, చేరిన తేదీ, పరీక్షా కేంద్రం. నాలుగు మెమోల వెనకా ఉన్నాయి. తర్వాత తెలిసింది, డిస్టెన్స్, ఆన్‌లైన్ డిగ్రీల వెనక ఈ వివరాలు ముద్రించాలని యూజీసీ 2020 నిబంధనల్లోనే ఉంది. నేను ఏజెన్సీకి మెమోల ముందువైపు మాత్రమే స్కాన్ చేసి పంపాను.

సోమవారం పొద్దున మెయిల్ రాశాను. ఫారంలో ఆన్‌లైన్ అనే ఎంపిక లేక ఫుల్ టైమ్ పెట్టాను, అది నా తప్పు, నిజానికి కోర్సు ఆన్‌లైన్, మొదటి కాల్‌లో రిక్రూటర్‌కి ఇదే చెప్పాను అని. నాలుగు మెమోల వెనకవైపు స్కాన్లు, ఆ సెషన్ యూజీసీ జాబితాలో యూనివర్సిటీ, కోర్సు పేర్లున్న పేజీ, ఫీజు రసీదులు జత చేశాను. హెచ్ఆర్ అర్థం చేసుకున్నారు కానీ యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా నిర్ధారణ రావాలి అన్నారు. ఏజెన్సీ అడిగినదానికి యూనివర్సిటీ పరీక్షల విభాగం జవాబివ్వడానికి పదహారు పనిదినాలు తీసుకుంది. మధ్యలో నేను రోజూ ఫోన్ చేశాను, ఎక్కువసార్లు ఎవరూ ఎత్తలేదు, ఒకసారి ఎత్తినామె నంబరు రాసుకుని రెండు రోజుల్లో పంపిస్తానంది, పంపింది కూడా. జులై 24న గ్రీన్ అయింది. ఆగస్టు 11న చేరాను.

మొత్తం ఖర్చు ఫీజు లక్షా యాభై, ల్యాప్‌టాప్, యూపీఎస్, బ్యాక్‌లాగ్, సర్టిఫికెట్ల ఫీజులు, నాన్న తిరుగుళ్లు కలిపి 1,82,000 దాటింది.

ఇప్పుడు మా తమ్ముడు ఆన్‌లైన్ ఎంసీఏకి చూస్తున్నాడు. ఇప్పుడు పద్ధతి కొంచెం మారింది, చేరాలంటే ముందు డిజిలాకర్ ద్వారా మన చదువు క్రెడిట్లు దాచే ఏబీసీ ఐడీ, దానితో యూజీసీ సైట్‌లో ఆ దూరవిద్య బ్యూరో తాలూకు డీఈబీ ఐడీ మనమే చేసుకోవాలి. వాడి ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంతో ఉంది, టెన్త్ మెమోలో పూర్తిగా ఉంది. తర్వాత సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది రాకూడదని ముందు ఆధార్ సరిచేయించాం. ఐడీ వచ్చేసింది. వాడు చేరాలనుకుంటున్న యూనివర్సిటీ, కోర్సు, సెషన్ జాబితాలో ఇద్దరం కలిసి చూశాం, ఉన్నాయి. ఆ పేజీ తేదీతో సహా సేవ్ చేసి పెట్టాను. వాడి హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. జవాబు వచ్చేదాకా ఫీజు కట్టొద్దని చెప్పాను.